ఆవకాయ అడిగితే చికెన్ పచ్చడి వెళ్లింది, ఇప్పుడేం రాయాలి?

కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇంటికి చికెన్ పచ్చడి పార్శిల్ అందింది. పంపింది గోదావరి పక్క ఊళ్లో ఓ కుటుంబం నడుపుకునే పచ్చళ్ల వ్యాపారం. హైదరాబాద్‌లో ఉన్న ఆవిడ అడిగింది అరకిలో ఆవకాయ, పావుకిలో గోంగూర, పావుకిలో మాగాయ. పెట్టె విప్పితే అరకిలో చికెన్, అరకిలో రొయ్యలు. సీసా మీద పచ్చ చుక్క ఉండాల్సిన చోట గోధుమరంగు త్రికోణం కనబడగానే ఆవిడ దాన్ని బాల్కనీలో పెట్టేసి, పొద్దున పదకొండింటికి మెయిల్ రాశారు. రెండే వాక్యాలు. ఇలాంటివి మా ఇంట్లోకి రానివ్వం. ఏం పంపుతున్నారో చూసుకోరా?

ఇది ఉదాహరణ కోసం అల్లుకున్న సంగతే. కానీ శాకాహారం, మాంసాహారం రెండూ అమ్మే పచ్చళ్లవాళ్లు దీన్ని చదివి నవ్వుకోరు, ఒకసారి తమ ప్యాకింగ్ బల్ల వైపు చూసుకుంటారు. తప్పు ఆర్డర్ వెళ్లినప్పుడు రాసే క్షమాపణల్లో ఇది కష్టమైనది. చొక్కా సైజు మారితే మళ్లీ పంపి ఊరుకోవచ్చు. ఇక్కడ ఆ ఇంటి ఆచారం దెబ్బతింది, ఎవరైనా నోట్లో పెట్టుకున్నారేమో తెలియదు, పైగా ఆ వంటింటి మీదే అనుమానం మొదలైంది. జవాబులో తప్పును పూర్తిగా నెత్తిన వేసుకోవాలి, అయినా గొంతు తడబడకూడదు.

మెయిల్ చూడగానే ఎవరికైనా చేతులు కీబోర్డు మీదికి వెళ్తాయి. ముందు వెళ్లాల్సింది ప్యాకింగ్ రిజిస్టర్ దగ్గరికి. ఆ రోజు బయల్దేరిన పార్శిళ్ల వరుసలో ఈ ఆర్డర్‌కి ముందు వెనక ఏం ఉన్నాయో చూడాలి. మన ఉదాహరణలో పక్కనే విజయవాడకి వెళ్లాల్సిన పెట్టె ఉంది. అందులో అరకిలో చికెన్, అరకిలో రొయ్యలు. రెండు పెట్టెలూ ఒకే సైజు, బరువూ ఒకటే. లేబుళ్లన్నీ ఒకేసారి ప్రింట్ తీసి వరసగా అంటించుకుంటూ పోయారు, మధ్యలో ఒక్కటి తారుమారైంది. బరువులో తేడా ఉంటే కొరియర్ వాళ్ల తూకంలోనైనా పట్టుబడేదేమో, ఇక్కడ ఆ ఆధారమూ లేదు.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, లేబుళ్లు మారినప్పుడు తప్పు పార్శిల్ ఒక్కటే ఉండదు, జంటగా ఉంటుంది. ఈవిడకి చికెన్ వచ్చిందంటే విజయవాడలో ఇంకొకరికి ఆవకాయ వెళ్తోంది. ఆయన ఇంకా ఫిర్యాదు చేయలేదు, బహుశా పెట్టె ఇంకా అందలేదు. ఆయనకి రాయాల్సిన మెయిల్ కూడా ఈ పూటే రాయాలి. ఫిర్యాదు రాకముందే అందిన క్షమాపణకి ఉండే విలువ వేరు, కోపం రావడానికి ఇంకా సమయమే దొరకలేదు కాబట్టి నాలుగు ముక్కల్లో సరిపోతుంది. అరిచినవాళ్లకి జవాబిచ్చి, అరవనివాళ్లు అరిచేదాకా ఆగడమే చాలాచోట్ల జరుగుతుంది.

పెట్టె లోపలి సంగతి కూడా ఒకటుంది. పైన అంటించిన లేబుల్ ఆవిడదే, లోపల పెట్టిన బిల్లు మాత్రం విజయవాడ ఆయనది. దాని మీద ఆయన పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉన్నాయి. అలాగే ఆవిడ వివరాలు ఆయన చేతికి వెళ్తున్నాయి. పచ్చడి మారిన గొడవలో ఈ కాగితం ఎవరికీ గుర్తు రాదు. ఇద్దరికీ దీని గురించి చెప్పాలి, చించేయమని అడగాలి. మీ వివరాలు ఇంకొకరికి వెళ్లాయని వ్యాపారమే ముందు చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత వాళ్లంతట వాళ్లే కనిపెట్టడం ఇంకా ఇబ్బంది. మీరిద్దరూ మాట్లాడుకుని మార్చుకోండి అంటూ నంబర్లు ఇచ్చే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. అది అసలు చేయకూడని పని.

ఇంత తెలుసుకోవడానికి గంట పట్టవచ్చు. ఆ గంట మౌనంగా ఉండక్కర్లేదు. మీ మెయిల్ చూశాం, తప్పు ఎక్కడ జరిగిందో చూస్తున్నాం, మధ్యాహ్నం రెండింటిలోపు పూర్తి వివరం రాస్తాం అని ఒక్క ముక్క పంపితే చాలు. రెండు అన్నాక రెండు దాటకూడదు. ఆన్‌లైన్ అమ్మకాల కోసం 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పమంటాయి, నెలలోపు పరిష్కరించమంటాయి. అది చట్టం ఇచ్చిన గడువు. బాల్కనీలో రొయ్యల సీసా పెట్టుకుని కూర్చున్న మనిషికి 48 గంటలంటే ఎంతసేపో ఆలోచించుకోవాలి.

ఇక అసలు మెయిల్. ఇలాంటప్పుడు చేతికి ముందుగా వచ్చే జవాబులు రెండు రకాలు, రెండూ పనికిరావు.

మొదటిది ఇలా ఉంటుంది: "ప్రియమైన కస్టమర్, మీ ఆర్డర్ విషయంలో అనివార్య కారణాల వల్ల పొరపాటు జరిగినట్లు తెలిసింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. తప్పు ఉత్పత్తి ఫొటోలు పంపిన యెడల తగు చర్య తీసుకోగలము." రైల్వే ప్లాట్‌ఫారం మీద చిన్నప్పటి నుంచి వింటున్న మాటలే. రైలు నాలుగు గంటలు ఆలస్యమైనా, నలభై నిమిషాలు ఆలస్యమైనా ఆ గొంతు మారదు, ఆ వాక్యం మారదు. అందుకే దాన్ని ఎవరూ క్షమాపణగా వినరు. ఈ మెయిల్‌లో చికెన్ అన్న మాటే లేదు. పొరపాటు దానంతటదే జరిగిందట, ఎవరూ చేయలేదట. ఫొటో పంపితే చూస్తాం అనడంలో మీరు నిజం చెబుతున్నారో లేదో అన్న అనుమానం కూడా కలిసి వినబడుతుంది. ఫొటో నిజంగా కావాలంటే ఎందుకో చెప్పి అడగవచ్చు: పెట్టె మీది లేబుల్ ఫొటో ఉంటే మీ పచ్చళ్లు ఎవరికి వెళ్లాయో త్వరగా కనిపెడతాం అని.

రెండోది దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం: "అమ్మా, ఈ వార్త విన్నప్పటి నుంచి మాకు అన్నం సహించడం లేదు. మీలాంటి పెద్దల మనసు నొప్పించిన పాపం మాది. ప్యాకింగ్ చేసిన కుర్రాణ్ణి ఈరోజే పనిలోంచి తీసేశాం. మీ బిడ్డలనుకుని పెద్ద మనసుతో మమ్మల్ని క్షమించండి." మన దగ్గర దీన్ని వినయమనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చదివినావిడ పరిస్థితి చూడండి. కోపంగా రెండు వాక్యాలు రాసినందుకు ఒక కుర్రాడి ఉద్యోగం పోయింది. ఇప్పుడు వీళ్లని ఊరుకోబెట్టే పని కూడా ఆవిడదే అయింది. డబ్బు సంగతి లేదు, ఆ సీసాలు ఏం చేయాలో లేదు. పైగా లేబుళ్లన్నీ ఒకేసారి తీసి గుట్టగా పెట్టే పద్ధతి యజమానులది, కుర్రాడిది కాదు. తప్పు ఒప్పుకుంటున్నట్టే కనిపిస్తూ అది కింద ఉన్నవాడి మీదికి జారిపోయింది.

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, తోటి పరిశోధకులు 2016లో క్షమాపణని ఆరు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఎంత పనిచేస్తుందో పరీక్షించారు. విచారం చెప్పడం, ఏం జరిగిందో వివరించడం, తప్పు తమదని ఒప్పుకోవడం, పశ్చాత్తాపం, సరిదిద్దుతామనడం, క్షమించమని అడగడం. చదివినవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చింది తప్పు మాదే అన్న ఒప్పుకోలుకి, దాని తర్వాత సరిదిద్దుతామన్న మాటకి. అన్నిటికన్నా అడుగున ఉన్నది క్షమించమని అడగడం. పైన రాసిన రెండో జవాబు దాదాపు మొత్తం ఆ అడుగు ముక్క మీదే నిలబడి ఉంది.

సరిదిద్దడం అన్నచోట మన ఉదాహరణలో ఒక చిక్కు ఉంది. ఎక్కడైనా ఇచ్చే సలహా ఒకటే, సరైన సరుకు వెంటనే పంపేయమని. ఇక్కడ అది తొందరపాటు. చికెన్, ఆవకాయ ఒకే పార్శిళ్ల గుట్టలో ఉన్నాయని తెలిశాక ఆవిడకి మొదట వచ్చే అనుమానం లేబుల్ గురించి కాదు. వీళ్లు రెండూ ఒకే గిన్నెలో కలుపుతారా, ఒకే గరిటె వాడతారా అన్నది. అడగకుండా రెండో పెట్టె పంపితే అదీ బాల్కనీకే వెళ్తుంది. కాబట్టి ముందు డబ్బు మొత్తం వెనక్కి పంపాలి, వంటింటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి, పచ్చళ్లు కావాలో వద్దో ఆవిడకే వదలాలి. వేర్వేరు పాత్రలు వాడకపోతే వాడతామని రాయకూడదు. ఆ ఒక్క అబద్ధం బయటపడితే ఆ తర్వాత ఏం రాసినా అంటదు.

ఇవన్నీ కలుపుకుంటే మధ్యాహ్నం వెళ్లాల్సిన మెయిల్ ఇలా ఉండవచ్చు.

విషయం: ఆర్డర్ 2417, మీకు తప్పు పార్శిల్ పంపాం, మీ డబ్బు వెనక్కి వేశాం

…గారికి నమస్కారం.

మీరు ఆవకాయ, గోంగూర, మాగాయ అడిగితే మేం చికెన్, రొయ్యల పచ్చళ్లు పంపాం. శాకాహారుల ఇంటికి ఇది చిన్న పొరపాటు కాదు. తప్పు మాది, మన్నించండి.

ప్యాకింగ్‌లో ఒకే సైజు పెట్టెలు రెండింటికి చిరునామా లేబుళ్లు తారుమారుగా అంటించాం. టేపు వేసేముందు సరిచూడలేదు.

ముందుగా ఒక్క మాట చెప్పండి. ఎవరైనా మూత తీసి రుచి చూశారా? రొయ్యలు పడనివాళ్లు కొందరుంటారు కాబట్టి అడుగుతున్నాం. అలాంటిదేమైనా ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి, మాకూ ఫోన్ చేయండి.

ఆ సీసాలు మీ ఇంట్లో ఉంచుకోనక్కర్లేదు. మీరు సరేనంటే ఈ సాయంత్రం 5, 7 గంటల మధ్య మా మనిషి గుమ్మం దగ్గరికి వచ్చి తీసుకెళ్తారు. పారేసినా మాకు అభ్యంతరం లేదు.

పచ్చళ్లకి 640, కొరియర్‌కి 90, మొత్తం 730 రూపాయలు మీరు కట్టిన ఖాతాకే పంపాం. బ్యాంకులో అడగాల్సి వస్తే రిఫండ్ నంబరు ఇది: …

పెట్టెలో ఉన్న బిల్లు ఇంకొకరిది, దయచేసి చించేయండి. మీ బిల్లు వాళ్ల పెట్టెలో వెళ్లింది, వాళ్లనీ అదే కోరాం.

మా దగ్గర శాకాహార పచ్చళ్లు వేరే గదిలో, వేరే పాత్రల్లో కలుపుతాం. ప్యాకింగ్ మాత్రం ఇన్నాళ్లూ ఒకే బల్ల మీద చేశాం. ఈరోజు నుంచి దాన్నీ విడదీశాం. ఇది తెలిశాక కూడా మీకు పచ్చళ్లు కావాలనిపిస్తే చెప్పండి, డబ్బు తీసుకోకుండా పంపుతాం. వద్దన్నా మాకు అర్థమవుతుంది.

ఇట్లు, పేరు, ఫోన్ నంబరు. రాత్రి 9 దాకా నేనే ఎత్తుతాను.

ఇందులో మొదటి వాక్యం ఆవిడ ఫిర్యాదునే తిరిగి చెబుతోంది, చికెన్, రొయ్యలు అని పేరు పెట్టి. వీళ్లకి విషయం అర్థమైందన్న నమ్మకం అక్కడే కలుగుతుంది. క్షమాపణ ఒక్కసారే ఉంది. రెండోసారి, మూడోసారి చెప్పినకొద్దీ అది పలచబడుతుంది, మెయిల్ పొడుగవుతుంది. కారణం రెండే వాక్యాల్లో అయిపోయింది. పండగ సీజన్ అనో, ఇద్దరు సెలవులో ఉన్నారనో రాయవచ్చు, అవి నిజమే కావచ్చు కూడా. చదివేవాళ్లకి మాత్రం అవి సాకులుగానే వినబడతాయి. ప్రశాంతమైన గొంతు అంటే ఇదే: విశేషణాలు తక్కువ, వేళలు, మొత్తాలు ఎక్కువ. "వీలైనంత త్వరగా" అన్నచోట "5, 7 గంటల మధ్య" ఉంటే చదివే మనిషి భుజాలు కాస్త దిగుతాయి.

రిఫండ్ నంబరు చిన్న విషయంలా కనబడుతుంది. డబ్బు పంపాం అన్న రోజుకీ ఖాతాలో కనబడే రోజుకీ మధ్య, కార్డుతో కట్టినవాళ్లకి ముఖ్యంగా, కొన్ని పనిదినాలు పడుతుంది. రెండో కోపం పుట్టేది ఆ మధ్యలోనే. నంబరు చేతిలో ఉంటే ఆవిడ బ్యాంకుని అడగగలరు, మళ్లీ మీకు రాయనక్కర్లేదు.

ఇంత స్పష్టంగా తప్పు మాదని రాస్తే రేపు వినియోగదారుల కమిషన్‌లో ఇదే కాగితం మన మీదికి రాదా అని భయపడేవాళ్లుంటారు. భయం అర్థం లేనిదేమీ కాదు. బ్రిటన్‌లో 2006 నాటి పరిహార చట్టం క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా రాసింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అలాంటి వాక్యం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాయాలి, తెలియనిది ఊహించి రాయకూడదు. లేబుల్ మారింది, సరిచూడలేదు, ఇవి తెలిసిన సంగతులు. "మా నిర్లక్ష్యం వల్ల మీ ఆరోగ్యానికి హాని కలిగింది" అన్నది ఎవరూ రుచే చూడనప్పుడు ఊహ. మరోవైపు, లేబుల్ మారిన సంగతిని దాచడం వల్ల వచ్చేదేమీ లేదు. సీసా ఆవిడ దగ్గరుంది, బిల్లు ఉంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని అదే చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కేసు దాకా వెళ్లేవాళ్లలో చాలామందిని తీసుకెళ్లేది జవాబు రాకపోవడమే అని నాకనిపిస్తుంది.

తగ్గింపు కూపన్ ఆ మెయిల్‌లో కావాలనే పెట్టలేదు. కూపన్ పనిచేయదని కాదు. ఆర్థికవేత్త జాన్ లిస్ట్, ఆయన సహచరులు ఉబర్‌లో ప్రయాణం బాగా ఆలస్యమైన సుమారు 15 లక్షల మందికి రకరకాల క్షమాపణలు పంపి చూశారు. కొందరికి ఉత్త మాటలు, కొందరికి వాటితో పాటు 5 డాలర్ల కూపన్. 2022లో ఎకనామిక్ జర్నల్‌లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఉత్త మాటలకి పెద్ద ప్రభావం కనబడలేదు, కూపన్ అందుకున్నవాళ్లు తర్వాత ఎక్కువ ఖర్చుపెట్టారు. వ్యాపారం ఎంతోకొంత నష్టపోతేనే క్షమాపణకి బరువు. కానీ అక్కడ పోయింది సమయం. శాకాహారికి చికెన్ పంపి, తర్వాతి ఆర్డర్ మీద పది శాతం తగ్గింపు అంటే అది క్షమాపణలా ఉండదు, బేరంలా ఉంటుంది. ఇక్కడ వ్యాపారం భరించే నష్టం పూర్తి రిఫండ్‌లోనూ, హైదరాబాద్‌లో మనిషిని పంపడంలోనూ ఉంది. మామిడి ఆవకాయకి బదులు ఉసిరి ఆవకాయ వెళ్లిన ఇంటికైతే కూపన్ నిశ్చింతగా ఇవ్వవచ్చు.

ఆ అధ్యయనంలో ఇంకో సంగతి పచ్చళ్లవాళ్లకి నేరుగా పనికొస్తుంది. ఒకే మనిషికి మళ్లీ మళ్లీ క్షమాపణ చెప్పాల్సి వస్తే అసలు చెప్పకపోవడం కన్నా అధ్వానంగా మారవచ్చని తేలింది, ముఖ్యంగా ఇకమీదట బాగా చేస్తామని మాటిచ్చి తప్పినప్పుడు. ఇంకెప్పుడూ జరగదు అన్న వాక్యం పై మెయిల్‌లో అందుకే లేదు. రోజుకు వంద పెట్టెలు కట్టే చోట ఆ మాట ఎవరూ ఇవ్వలేరు. బల్ల విడదీశాం అని మాత్రం చెప్పగలరు, ఎందుకంటే అది అప్పటికే చేసేసిన పని. చేయకుండా ఆ వాక్యం రాయకూడదు.

విజయవాడ ఆయనకి వెళ్లే మెయిల్ ఇందులో సగం కూడా ఉండదు. ఈరోజో రేపో మీకు అందే పెట్టెలో చికెన్, రొయ్యలకి బదులు ఆవకాయ, గోంగూర, మాగాయ ఉంటాయి, లేబుళ్లు మేం తారుమారు చేశాం, అవి మీరే ఉంచుకోండి, మీ పచ్చళ్లు ఈ సాయంత్రం బయల్దేరుతున్నాయి, ట్రాకింగ్ నంబరు ఇది, లోపలి బిల్లు చించేయండి. ఈయనకి మళ్లీ పంపేముందు అడగనక్కర్లేదు, డబ్బు వెనక్కి ఇవ్వాలా అన్న ప్రశ్న ఆయనే వేస్తే చూసుకోవచ్చు. మొదటి మెయిల్‌నే కాపీ చేసి పేరు మార్చి పంపితే ఆచారం, డాక్టర్ అన్న మాటలు చూసి ఆయన కంగారుపడతారు.

పెద్దవయసు కస్టమర్లయితే మెయిల్‌కన్నా ముందు ఫోన్ చేయడం మన వైపు మర్యాద. ఫోన్‌లో ఆవిడ అరిస్తే అరవనివ్వాలి, మధ్యలో కారణం చెప్పబోతే అరుపు ఇంకో ఐదు నిమిషాలు సాగుతుంది. అయినా తర్వాత మెయిల్ పంపాల్సిందే. మొత్తం, వేళ, రిఫండ్ నంబరు మాటల్లో నిలవవు, ఫోన్ మాట్లాడింది తల్లి అయినా డబ్బు కట్టింది అమెరికాలో ఉన్న కొడుకు కావచ్చు. ఆర్డర్ పెట్టిన ఆ కొడుకు ఇంగ్లిష్‌లో రాస్తే ఇంగ్లిష్‌లో, తెలుగులో రాస్తే తెలుగులో జవాబివ్వడం మేలు.

సాయంత్రం ఏడుకి సీసాలు తీసుకున్నాక ఇంకో మెయిల్ వెళ్లాలి. సీసాలు అందాయి, డబ్బు ఫలానా తేదీలోపు ఖాతాలో కనబడకపోతే నాకే ఫోన్ చేయండి. అంతే, మళ్లీ క్షమాపణ అక్కర్లేదు. మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడిగే ఆటోమేటిక్ మెయిల్ ఆ ఆర్డర్‌కి వెళ్లకుండా ఆ రాత్రే ఆపేయాలి. చాలా దుకాణాల సాఫ్ట్‌వేర్‌లో అది డెలివరీ అయిన మూడో రోజో నాలుగో రోజో దానంతటదే బయల్దేరుతుంది.